చౌడప్ప ల్యాప్‌టాప్‌కు కనపడని హాట్‌స్పాట్

నగరిలో చీరల అంచులకు డిజైన్లు గీసే చౌడప్ప కంప్యూటర్ నేర్చుకున్నది యాభై దాటాకే. అయినా ఎవరినీ సలహా అడగడు.

ఒకరోజు కరెంటు పోయి వైఫై ఆగింది. నెమలి అంచు డిజైను మగ్గాల యజమానికి వెంటనే పంపాలి. కొత్త ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టాడు కానీ, పాత ల్యాప్‌టాప్‌లో దాని పేరే రాలేదు. పవర్ సేవింగ్ తీసేశాడు, డేటా లిమిట్ చూశాడు, పాస్‌వర్డ్ పదేపదే మార్చాడు.

కోడలు మోనిక ఫోన్ సెట్టింగ్‌లు చూసి నవ్వింది. "పేరే కనపడకుంటే పాస్‌వర్డ్ యాడ కొడతావు మామా? హాట్‌స్పాట్ సిగ్నల్ బ్యాండ్ ఐదు గిగాహెర్ట్జ్‌లో ఉండాది. నీ ల్యాప్‌టాప్‌కు రెండు పాయింట్ నాలుగే తెలుసు."

బ్యాండ్ మార్చగానే పేరు వచ్చింది. చౌడప్ప పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోయాడు.

"కడాకు ఏం పెట్టినానో గుర్తులేదమ్మా!"

మోనిక ఫోన్‌లోనే చూసి చదివింది. డిజైను వెళ్లిపోయింది.

"నేనూ అదే చూద్దామనుకున్నాను" అన్నాడు చౌడప్ప.