నా చేతుల మీదే నాకు అసూయ

పెన్నాగరం నుంచి మా వదిన ఒక వీడియో పంపి, వెంటనే ఫోన్ చేసింది. "చూడు, ఈయమ్మ సంగటి ఎంత బాగా కెలికినాదో! నువ్వూ తీస్తా ఉండావు వీడియోలు."

తెరిచి చూస్తే తెడ్డు నాది, బొటనవేలి మీద నూనె కాలిన మచ్చా నాదే. వదిన చూసుకోలేదు గానీ, ఎవడో నా ఫొటో, నా ఛానల్ పేరు పెట్టుకుని నా వీడియోనే ఎక్కించాడు. నా గొంతు తీసేసి పాట అతికించాడు. నన్ను చూసేది చుట్టపక్కాలు, వాడిని వేలమంది. "మీ చేతిలో అమృతం ఉందక్కా" అన్న పొగడ్త చదివి కడుపు మండిపోయింది. ఆ అక్కను నేను కదా!

అప్పుడే కాపీరైట్ ఫిర్యాదు పెట్టాను. నా వీడియో లింకు, వాడి లింకు, నా అసలు పేరు, చిరునామా ఇచ్చి, ఇది నాదేనని ప్రమాణం చేసి, సంతకంగా పూర్తి పేరు రాశాను. నా పేరుతో నటిస్తున్నాడని ఆ ఛానల్ మీద వేరే రిపోర్టు కొట్టాను. వాడు ఎదురు తిరిగితే చూపడానికి, కత్తిరించని రికార్డింగు ఫోన్లో భద్రంగా ఉంచాను. అందులో "గ్యాసు తగ్గించు" అని మా అత్త అరుపు కూడా ఉంది.

కొన్నాళ్లకు ఆ వీడియో పోయింది, తర్వాత ఛానలే పోయింది. గెలిచిన గర్వంతో వదినకు నా వీడియో పంపి, "ఆ చేతులు నావే వదినా" అన్నాను.

ఆమె చివరిదాకా చూసింది.

"బాగానే ఉండాది లేమ్మా. అయినా ఆయమ్మ కెలికినట్ల రాలేదు."