ఇంటి లోను పట్టికలో పదకొండో వరస

గుడివాడలో జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే రోజుల్లో నాకు ఇంకో పేరు ఉండేది, లోన్ల మాస్టారు. రెండు వేల సంవత్సరం దాటాక బ్యాంకులు ఇంటి అప్పులంటూ జీతగాళ్ల వెంటపడ్డాయి. స్టాఫ్‌రూంలో ప్రతివాడి చేతిలో ఏదో ఒక బ్రోచర్ ఉండేది. వాటిని చూసి ఒక్కడికీ ఏమీ అర్థమయ్యేది కాదు. అందుకని నేనే ఒక ఫుల్‌స్కేప్ కాగితం మీద స్కేలు పెట్టి గీతలు గీసి పట్టిక తయారుచేశాను. పైన బ్యాంకుల పేర్లు. పక్కన పది వరసలు: వడ్డీ రేటు, ఈఎంఐ, ప్రాసెసింగ్ ఫీజు, లాయరు ఫీజు, విలువ కట్టే ఇంజనీరు ఫీజు, ఇలా. తొమ్మిదో వరసలో మధ్యలో వేరే బ్యాంకుకి మారితే అయ్యే ఖర్చు. అట్టడుగున పదోది, పదిహేనేళ్లలో మన జేబులోంచి పోయే మొత్తం.

ఆ కాగితం జిరాక్సులు బందరు దాకా వెళ్లాయని విన్నాను. గర్వం తలకెక్కింది. జనం మీద నాకున్న చిన్నచూపు కూడా దానితోపాటే పెరిగింది. ఎవడూ ఈఎంఐ వరస దాటి కిందికి చూసేవాడు కాదు. మా ఫిజిక్స్ లెక్చరర్ అయితే ఒక బ్యాంకు మేనేజరు కుర్చీ వేసి కాఫీ ఇప్పించాడని అక్కడే సంతకం పెట్టి వచ్చాడు. ఇంకొకాయన ఈఎంఐ తగ్గిందని మురిసిపోతూ గడువు ఇరవై ఏళ్లకి పెంచుకున్నాడు. మొత్తం ఎంతవుతుందో వేలు పెట్టి చూపిస్తే, ఇరవై ఏళ్లకి రూపాయి విలువ ఎవరికి తెలుసండీ అన్నాడు. ఇలాంటి మనుషులకి లెక్కలు చెప్పి బతుకుతున్నానే అనిపించేది.

ఒక ఆదివారం ఉదయం బందరు నుంచి ఒక జూనియర్ అసిస్టెంటు వచ్చాడు. గవర్నమెంటాఫీసులో ఉద్యోగం, కోడూరు అవతల సముద్రం ఒడ్డున చేపలు పట్టే పల్లెకారుల కుటుంబం. బందరులో కట్టిన ఇల్లు ఒకటి బేరం కుదిరింది. మూడు లక్షలు లోను కావాలి. వెంట వాళ్లమ్మ వచ్చింది. చేపల వ్యాపారం చేసే మనిషి. ఇంటికి అడ్వాన్సు ఆవిడ డబ్బే. సంపాదించినదంతా ఆ ఇంటి మీద పెడుతోంది. పల్లెలో ఇల్లు ఉప్పెన నీళ్లలో ఒకసారి పోయిందట, మళ్లీ అలాంటిది చూడలేనంది. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

వాళ్లకి నేను చెప్పాల్సింది రెండింట్లో ఒకటి. గవర్నమెంటు బ్యాంకు పదీ ముప్పావు శాతం, ఫీజు అర శాతం. ఒక ప్రైవేటు హౌసింగ్ కంపెనీ పదిన్నర శాతం, ఫీజు ఒక శాతం. క్యాలిక్యులేటర్ తీసి వాళ్ల ముందే లెక్క కట్టాను. బ్యాంకులో నెలకి 3,363, ఫీజుతో కలిపి మొత్తం 6,06,840. కంపెనీలో నెలకి 3,316, మొత్తం 5,99,880. మిగతా ఫీజులు రెండింటికీ ఒకటే. కంపెనీ ఏడువేలు చవక. మధ్యలో మారితే మిగిలిన అప్పు మీద రెండు శాతం కట్టాలని కంపెనీ గడిలో ఉంది గానీ, మారే అవసరం ఏముంటుందని దాన్ని పక్కన పెట్టేశాను.

అప్పుడు ఆవిడ అడిగింది. "నెలనెలా కడతాం గదండీ మాస్టారూ, అసలు సొమ్ము ఏ నెలకా నెల తగ్గిస్తారా, సంవత్సరానికోసారి తగ్గిస్తారా?"

నాకు నవ్వొచ్చింది, దాచుకోలేదు కూడా. "ఇది మీ చేపల షావుకారు ఖాతా కాదమ్మా. కంపెనీవాళ్లకి ఫార్ములా ఉంటుంది. నీకు అర్థం కాదులే" అన్నాను. కొడుకు ఇబ్బందిగా చెప్పులకేసి చూసుకున్నాడు. 

వాళ్లు కంపెనీకే వెళ్లారు. ఏప్రిల్ మొదట్లో లోను చేతికొచ్చింది. అతను ఫోన్ చేసి, ఈఎంఐ 3,381 అని రాశారండీ, మీరు చెప్పిన దానికన్నా అరవై అయిదు ఎక్కువ ఉంది అన్నాడు. కాగితం తెమ్మని అడగాల్సింది. ఇన్సూరెన్సు కలిపి ఉంటారు అనేసి ఫోన్ పెట్టేశాను.

ఆగస్టులో ఎండు చేపల మీద వచ్చిన ఇరవై వేలు ఆవిడ అప్పులోకి జమ కట్టించింది. మళ్లీ ఏప్రిల్‌లో సంవత్సరం లెక్క కాగితం వచ్చింది. ఈసారి అతను ఫోన్ చేయకుండా బస్సెక్కి వచ్చేశాడు. వాళ్లమ్మ కూడా.

కాగితం చూడగానే నా ముఖం వేడెక్కింది. మూడు లక్షల మీద నిండు సంవత్సరం వడ్డీ 31,500 వేశారు. నెలనెలా కట్టిన వాయిదాలు, ఆగస్టులో కట్టిన ఇరవై వేలు, అన్నీ మార్చి ఆఖరునే అసల్లోంచి తగ్గించారు. అంటే ఆ ఇరవై వేల మీద ఎనిమిది నెలల వడ్డీ, పద్నాలుగు వందలు, ఊరికే పోయింది. బ్యాంకు అయితే అసలు ఏ నెలకా నెల తగ్గిస్తుంది. రేటు తక్కువని నేను పంపించిన కంపెనీ నిజానికి బ్యాంకు కన్నా ఖరీదు. కంపెనీ ఎవర్నీ మోసం చెయ్యలేదు. అగ్రిమెంటులో రాసే ఉంది. నేనే, లెక్కల మాస్టార్ని, అందరికీ ఒకే నెలవారీ ఫార్ములా వేసేసి, వాళ్ల ఈఎంఐ చార్టు అడగడం నామోషీ అనుకున్నాను. స్టాఫ్‌రూంలో నేను వెక్కిరించిన వాళ్లలో ఒక్కడు కూడా ఇంత తెలివితక్కువ పని చెయ్యలేదు.

తప్పు మాత్రం ఒప్పుకోలేదు. మారితే ఎంతవుతుందో చూద్దాం అని కొత్త కాగితం తీశాను. మిగిలిన అప్పు 2,70,928. దాని మీద రెండు శాతం కంపెనీకి, అర శాతం బ్యాంకుకి ఫీజు, మళ్లీ లాయరు, మళ్లీ ఇంజనీరు, తనఖా కాగితాలకి స్టాంపు. పదివేల ఆరొందలు దాటింది. అదే వాయిదా కడుతూ పోతే బ్యాంకులో అప్పు మూడు నెలలు ముందు తీరుతుంది. దాదాపు పదివేలు మిగులు, అదీ పన్నెండేళ్ల తర్వాత. ఖర్చు మాత్రం ఇప్పుడే. మారడం దండగ అని చెప్పాను.

 ఆవిడ నాతో కాదు, కొడుకుతో అంది. "ఇకనించి నా డబ్బు మార్చి ఆఖర్లో కడదాంరా. అప్పటిదాకా నా యాపారంలోనే తిప్పుకుంటా."

సరైన లెక్క అది. నా క్యాలిక్యులేటర్ కన్నా ముందు ఆవిడకి తట్టింది. ఆ మాటైనా పైకి అనలేకపోయాను. వెళ్లేముందు ఆవిడ నా వైపు తిరిగి, నెమ్మదిగానే అడిగింది. "ఆ రోజు నేనడిగింది మీరు వాళ్లని అడిగారా మాస్టారూ?"

అడగలేదని చెప్పాను. ఆవిడ తలూపి చెప్పులేసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వారమే పట్టికలో పదకొండో వరస చేర్చాను: అసలు నెలకోసారి తగ్గిస్తారా, సంవత్సరానికోసారా. పాత జిరాక్సులు పట్టుకెళ్లిన వాళ్లలో ఎవరికీ కబురు చెయ్యలేదు. చేస్తే ఎందుకని అడుగుతారు కదా. కొత్తది చూసి మా ప్రిన్సిపాల్ స్టాఫ్‌రూంలో అందరి ముందూ, ఈ పాయింటు పట్టుకోవాలంటే మాస్టారి బుర్ర ఉండాలండీ అన్నాడు. అందరూ అవునన్నారు. థాంక్సండీ అన్నాను.