కిటికీలో అంకె

క్లెమెంట్ టాప్సెల్ గోడ వైపు కూర్చోనంటే కూర్చోనన్నాడు. డెబ్బై ఒకటో ఏట కూడా తన ఇంట్లో తనకు సముద్రం కనిపించకపోతే ఇక ఇంగ్లండ్ తీరాన ఈ సీఫర్డ్‌లో కాపురమెందుకని వాదించి, మే నెలలో కుర్చీని కిటికీకి ఎదురుగా లాగించుకున్నాడు. కర్టెన్లు కూడా తీసేయించాడు. కిటికీ పక్కనే టీవీ. వెనక, గోడ వారగా బల్ల మీద భార్య మావిస్ ల్యాప్‌టాప్. ఆ తెర ఆయన చూడకూడదు. అది ఆ ఇంటి కట్టడి.

వేసవి సాయంత్రాల్లో టీవీలో ఇరవై ఓవర్ల క్రికెట్ వస్తుంటే వాళ్ల పని ఇదీ. రెండో జట్టు ఛేజింగ్‌కు దిగగానే క్లెమ్ మోకాలి మీద ఒక అట్ట పెట్టుకుంటాడు. ఎన్ని బంతులు మిగిలాయి, ఎన్ని పరుగులు కావాలి, చేతిలో ఎన్ని వికెట్లున్నాయి, అలాంటి చోట నుంచి నూటికి ఎన్నిసార్లు గెలిచారు అన్నది పదకొండేళ్ల మ్యాచ్‌ల నుంచి సొంత చేత్తో రాసుకున్న పట్టిక అది. దానికి తన కన్ను కొంత కలుపుతాడు. క్రీజులో ఉన్నదెవరు, మంచి బౌలర్‌కు ఇంకా ఓవర్లున్నాయా, మంచుకు బంతి జారుతోందా, అన్నీ చూసుకుని ప్రతి బంతికీ ఒక అంకె చెబుతాడు. మావిస్ ఆ అంకెను, జట్టు గెలుపును షేర్లలా కొని అమ్ముకునే ఆన్‌లైన్ బెట్టింగ్ బజారు ధరతో పోల్చి చూస్తుంది. తేడా బాగా ఉంటే పది, ఇరవై పౌండ్లు కాస్తుంది. ఆమెకు చూపు మందగించింది కాబట్టి బజారు ధర శాతంగా మారి, అరచేతంత అంకెల్లో తెర మీద వెలుగుతుంది.

బజారు ధర క్లెమ్‌కు తెలియకూడదు. తెలిస్తే మనసు అటు లాగుతుంది. బజారు అంకెనే తిరిగి బజారుకు చెప్పే మనిషితో ఏం పని? ఈ కట్టడి పెట్టింది క్లెమే. కానీ ఈ ఏడాది దానికి ఇంకో అర్థం వచ్చి చేరింది. మార్చిలో ఆయన రెండుసార్లు కెటిల్ పొయ్యి మీద పెట్టి మరిచిపోయాడు. ఒకసారి చెల్లెలి పేరు గుర్తుకు రాలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు, ఆ మాట మావిస్‌తోనూ అనలేదు. తన అంకె నిలబడినన్నాళ్లూ తన తల తనదేనని లోపల్లోపల ఒట్టు పెట్టుకున్నాడు. డబ్బు పోతే పోయింది, అంకె పోతే భయం.

ఆగస్టు ఆఖరి వారం. నూట అరవై నాలుగు కొట్టాలి. జూన్‌లో అయితే ఛేజింగ్ సగం పైనే వెలుతురులో సాగేది. ఇప్పుడు మొదటి బంతికే సముద్రం ఊదారంగులోకి దిగింది. మావిస్ దీపం వేసింది. క్లెమ్‌కు ఒళ్లంతా తేలికగా ఉంది. అంకెలు వాటంతటవే అలల్లా వచ్చి నోట్లో వాలుతున్నాయి. నలభై నాలుగు. నలభై రెండు. ఫోరు పోయింది, నలభై ఏడు. పట్టిక చూడకుండానే చెబుతున్నాడు. ఇంత హాయిగా ఆయన ఎప్పుడూ లెక్క కట్టలేదు.

"ఏంటి మహానుభావా, నాలుగు ఓవర్ల నుంచి నీ అంకె, బజారు అంకె అన్నదమ్ముల్లా నడుస్తున్నాయి. నాకు పనే లేకుండా పోయింది" అంది మావిస్.

"బజారుకి ఇన్నాళ్లకి బుద్ధొచ్చినట్టుంది."

"నీకు పోయిందేమో చూసుకో."

సరదాకే అంది. ఆ మాట మాత్రం ఆయనకు ముల్లులా దిగింది.

పదిహేడో ఓవర్ మొదలైంది. ఇరవై నాలుగు బంతులు, నలభై ఒక్క పరుగులు, చేతిలో ఐదు వికెట్లు. క్లెమ్ ముప్ఫై ఆరు అన్నాడు. టీవీలో బౌలర్ ఇంకా చొక్కాకు బంతి రుద్దుకుంటున్నాడు. క్లెమ్ కళ్లు చీకటి నీళ్ల మీదున్నాయి. "ఇరవై ఏడు" అన్నాడు.

"బంతి ఇంకా వెయ్యలేదు క్లెమ్."

బౌలర్ పరుగెత్తుకొచ్చాడు. వికెట్ ఎగిరిపోయింది.

క్లెమ్‌కు గుండెలో ఏదో విచ్చుకున్నట్టయింది. ముందే తెలిసిపోయింది. కెటిళ్లు మరిచిన తలకే జరగబోయేది తెలిసిపోయింది. అలాంటి వరం ఈ వయసులో వచ్చిందంటే నమ్మాలనే ఎవరికైనా ఉంటుంది. ఆయన నమ్మాడు కూడా, ఒక్క బంతి సేపు.

మళ్లీ నీళ్ల వైపు చూశాడు. నీళ్ల మీద, తన భుజం పక్కగా, తిరగేసిన ఇరవై ఏడు తెల్లగా తేలుతోంది.

క్లెమ్ పదహారో ఏట పత్రికాఫీసులో కంపోజిటర్‌గా చేరాడు. సీసపు అక్షరాలను తలకిందులుగా, కుడి ఎడమైపోయినట్టు చదవడమే అక్కడ చదువు. ఇంకెవరికైనా ఆ కిటికీలో వెలుగు మరక కనబడేది. ఆయన కన్ను మాత్రం అడక్కుండానే చదివేసింది. టీవీ బొమ్మ మైదానం కన్నా కొన్ని క్షణాలు వెనకబడి వస్తుంది. మైదానంలో ఉన్నవాళ్లు ముందే చూసి అమ్మేస్తే బజారు ముందే పడుతుంది. జోస్యమూ లేదు, పాడూ లేదు. నాలుగు ఓవర్లుగా ఆయన పరాయి అంకె అప్పజెబుతున్నాడు.

చెప్పకపోతే ఆమెకు తెలిసేది కాదు. ఆ రాత్రికి ప్రవక్తగానే ఉండిపోవచ్చు.

"మావిస్, నీ తెర కిటికీ అద్దంలో కనబడుతోంది" అన్నాడు. "నేను చూస్తున్నాను. చూస్తున్నట్టు నాకే తెలీదు."

ఆమె కిటికీని చూసింది, ఆయన్ను చూసింది. "నీ కంపోజిటర్ కన్ను ఇంకా పోలేదన్నమాట" అని నవ్వి, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని లేచింది. "వంటింట్లో కూర్చుంటాను. గట్టిగా అరిచి చెప్పు. ఓవర్‌కొకటి చాలు."

ఇప్పుడు కిటికీలో దీపం, ఒక ముసలాయన, అంతే. అట్ట మోకాలి మీదకు తెచ్చుకున్నాడు. ఓవర్ అయ్యేసరికి పద్దెనిమిది బంతులు, ముప్ఫై ఒక్క పరుగులు, నాలుగు వికెట్లు. పట్టిక ముప్ఫై మూడంటోంది. ఎదుటి జట్టు ఫాస్ట్ బౌలర్ నాలుగు ఓవర్లూ అయిపోయాయి. మిగిలినవాళ్లు తువ్వాలుతో బంతి తుడుచుకుంటున్నారు. నిజంగా ఇది నా లెక్కేనా అని తనను తాను అడిగాడు. అంకె ఈసారి అలలా రాలేదు. బావిలోంచి తోడినట్టు బరువుగా వచ్చింది.

"ముప్ఫై ఎనిమిది."

"విన్నాను" అంది వంటిల్లు.

తర్వాతి ఓవర్‌కు ముప్ఫై తొమ్మిది. ఆఖరి ఓవర్ ముందు, ఆరు బంతుల్లో పదకొండు కావాలి, మూడు వికెట్లున్నాయి. "నలభై నాలుగు" అని అరిచాడు. "విన్నాను." చివరి బంతికి మూడు కావాల్సి వస్తే బ్యాటర్ గాల్లోకి లేపాడు, బౌండరీ దగ్గర పట్టేశారు. రెండు పరుగుల తేడాతో పోయింది.

క్లెమ్ అట్టను బోర్లించాడు. వంటింట్లో కప్పుల చప్పుడు. పోయింది డబ్బే కాదన్నట్టు ఆయన అలాగే కూర్చున్నాడు.

మావిస్ టీ తెచ్చి చేతికిచ్చింది.

"ముప్ఫై ఎనిమిదన్నప్పుడు బజారు ఇరవై తొమ్మిది. కొన్నాను. నలభై నాలుగన్నప్పుడు బజారు నలభై ఏడు. నువ్వే తక్కువన్నావు కదా, లాభానికి అమ్మేశాను. ఆఖరి ఓవర్ నేను చూడనేలేదు, టీ పెట్టుకుంటున్నాను."

క్లెమ్ కప్పు కింద పెట్టాడు. తర్వాత, మార్చి నుంచి లోపల పెట్టుకున్నది చెప్పాడు. కెటిల్ సంగతి, చెల్లెలి పేరు సంగతి. ఆమెకు కెటిల్ సంగతి తెలుసు. మాడిన అడుగును తోమింది ఆమే.

"సోమవారం డాక్టర్ దగ్గరికెళ్దాం" అంది. ఆయన అంకెలు రాసుకునే నోటుపుస్తకం తీసి, చివరి పేజీలో నాలుగు ఓవర్లు కొట్టేసి పక్కన 'కిటికీ' అని రాసింది. ముప్ఫై ఎనిమిదికి మాత్రం అడుగున గీత పెట్టి, పక్కన ఆయన పేరు రాసింది.

"రేపటి నుంచి కర్టెన్లు వేసుకుందాం" అన్నాడు.

"అక్కర్లేదు. నాకు వంటిల్లు బానే ఉంది. నీ సముద్రం నువ్వు చూసుకో."