పదకొండు నిమిషాల దొంగ

ఆర్లిస్ ట్వెట్ మెడలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఒక గంట వేలాడుతుండేది. చెవి మెలితిప్పితే టిక్కుటిక్కుమంటూ వెనక్కి తిరిగి, గడువు కాగానే గణగణా మోగే వంటింటి టైమరు అది. గుప్పెడంత ఉంటుంది. దానికో తాడు కట్టి మెడలో వేసుకుని, అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని ఆ చిన్న ఊళ్లో, నైగార్డ్ బేకరీలో ఆవిడ రొట్టెలు కాల్చేది. రై ధాన్యపు రొట్టెకి నలభై నిమిషాలు, యాలకుల వెన్న కేకుకి గంట. మోగిందా, తీసేయడమే. మోగకముందు ఓవెను తలుపు మీద ఎవరైనా చెయ్యేస్తే ఆ చెయ్యి మళ్ళీ వాళ్ళది కాదన్నంత కోపం వచ్చేది ఆవిడకి.

మనిషి మంచిదే, అబద్ధమెందుకు? కానీ పుట్టుకతోనే అనుమానం. గుడ్లు తెచ్చే వాడు డజనుకి పదకొండు పెట్టాడేమోనని రోజూ లెక్కపెడుతుంది. మొగుడు బతికుండగా చేపల వేటకి వెళ్ళొస్తే, ఆ చేప చెరువులోదేనా, అంగట్లో కొన్నదా అని మొప్పలు వాసన చూసేది. అలాంటి మనిషి నమ్మింది ఒక్కదాన్నే. మెడలోదాన్ని.

ఫిబ్రవరిలో ఆ టైమరు చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. దాని చెవి ఊడిపోయింది. ఆవిడ దాన్ని పారేయలేక కోటు జేబులో వేసుకుని, మర్నాడు ఇనప సామాన్ల కొట్లో అలాంటిదే కొత్తది కొనుక్కుంది. అదే వారం బేకరీలో నూరీన్ పెల్కీ అనే కొత్త మనిషి చేరింది. యాభై రెండేళ్లుంటాయి, మెయిన్ రాష్ట్రం నుంచి వచ్చింది, చెల్లెలింట్లో సోఫా మీద పడుకుంటోంది. ఈ పని నిలబడితే వేరే గది తీసుకోవచ్చని ఆశ.

మొదటిరోజే నూరీన్ నోరు జారింది. "ఆర్లిస్ గారూ, ఈ రొట్టె ఇంకా లోపల కాలినట్టు లేదండీ."

"గంట మోగింది, వినపడలేదా? నువ్వు పుట్టిన ఊళ్లో రొట్టెలు ఎలా కాలుస్తారో నాకు అనవసరం తల్లీ. ఇక్కడ నలభై అంటే నలభై."

నూరీన్ మళ్ళీ మాట్లాడలేదు. ఆర్లిస్‌కి అదీ నచ్చలేదు. మాట పడి ఊరుకునే మనుషులంటే ఆవిడకి అస్సలు గిట్టదు.

రెండో వారంలో రొట్టెలు తిరిగి రావడం మొదలైంది. పోస్టాఫీసు ఆవిడ రై రొట్టెని తెచ్చి బల్ల మీద పెట్టి మధ్యలో వేలు పెట్టి చూపించింది. లోపల ముద్దముద్దగా, వేలికి అంటుకుంటోంది. మర్నాడు ఇంకో ఇద్దరు వచ్చారు. వెన్న కేకుల నడుములు కుంగిపోయి, పైన గుంటలు పడుతున్నాయి. ముప్పై ఒక్క ఏళ్లలో ఎన్నడూ లేని చోద్యం! ఆర్లిస్‌కి తల కొట్టేసినట్టయింది.

అదే పిండి, అదే వెన్న, అదే ఓవెను. అవే అరవై నిమిషాలు. మరి మారిందేమిటి? వంటగదిలో చూపు తిప్పితే ఒక్కటే కొత్తగా కనపడింది. ఎర్ర స్వెట్టరేసుకుని, గిన్నెలు తోముతూ, ఏదో కూనిరాగం తీస్తూ నిలబడింది.

ఇక కళ్ళు ఆ ఎర్ర స్వెట్టరు మీదే. తాను కౌంటరు దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి కేకులు అంగుళం జరిగి ఉంటున్నాయి. ఒకరోజు కళ్ళజోడు పెట్టుకుని కేకు మీదకి వంగి చూసి ఆర్లిస్ నోరు తెరిచింది. నట్టనడుమ సూది బెజ్జం! పక్కదానికీ అంతే. రొట్టె తిరగేస్తే అడుగున ఇంకో బెజ్జం.

"ఓసి దీని దుంపతెగ! పొడిచి గాలి తీసేస్తోంది. అందుకే కుంగుతున్నాయి" అనుకుంది. ఎందుకు పొడుస్తోందో కూడా క్షణంలో తేలిపోయింది. తనను గెంటించి, తన చోటు కాజేయడానికి. ఇంకెందుకూ?

బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఒక ముసలాయన పోయాడు. లూథరన్ చర్చిలో అంత్యక్రియల భోజనానికి ఆరు వెన్న కేకులు పంపారు. నాలుగు పచ్చిగా ఉన్నాయని తిరిగొచ్చాయి. చావింటి నుంచి కేకు తిరిగి రావడమంటే ఆ ఊళ్లో ఇంకేం పరువు మిగలదు. బేకరీ యజమాని రాయిస్ నైగార్డ్ మొహం మాడిపోయింది. ఆయన ఆర్లిస్ చేతి బన్నులు తిని పెరిగినవాడే.

"ఆంటీ, ఏమవుతోంది ఇక్కడ?"

"రేపు చెప్తాను నాయనా. సాక్ష్యంతో చెప్తాను."

మర్నాడు పొద్దున గంట మోగగానే ఆర్లిస్ కేకులూ రొట్టెలూ తీసి బల్ల మీద పెట్టి, "కౌంటరు చూసొస్తా" అని గట్టిగా చెప్పి, సామాన్ల గదిలో పిండి బస్తాల వెనక నక్కింది. అరవై నాలుగేళ్ల వయసు, మోకాళ్ల నొప్పి. అయినా కిక్కురుమనలేదు.

నూరీన్ అటూ ఇటూ చూసింది. కేకు నడుమ వేలితో మెల్లగా నొక్కింది. నొక్కినచోట గుంట అలాగే ఉండిపోయింది. స్వెట్టరు జేబులోంచి సన్నటి వెదురు పుల్ల తీసి గుచ్చి, బయటికి లాగి, వెలుతురులో పట్టుకుని చూసింది. రొట్టెని గుడ్డతో పట్టుకుని తిరగేసి, అడుగునుంచి నడుమదాకా పొడుగాటి ముల్లున్న థర్మామీటరు దింపింది. తల అడ్డంగా ఊపి, అన్నిటినీ గబగబా మళ్ళీ ఓవెనులోకి తోసింది.

"దొరికావే దొంగా!" అంటూ ఆర్లిస్ పిండి దుమ్ముతో బయటికొచ్చింది. "రాయిస్! ఇలా రా! చూడు దీని జేబులో ఏముందో!"

నూరీన్ పుల్లని చాపి చూపించింది. "నేను చెడగొట్టలేదండీ. పుల్లకి పచ్చిపిండి అంటుకుంటోంది. రొట్టె నడుమ నూట ఎనభై ఫారన్‌హీటు డిగ్రీలే ఉంది, రై అయితే రెండొందల అయిదైనా రావాలి. వేడి మీదుండగా తిరిగి పెడితే బాగుపడతాయి. మీరు అటెళ్ళినప్పుడల్లా అందినన్ని పెడుతున్నా. అందనివే జనం వాపసు తెస్తున్నారు."

"గంట మోగాక పచ్చిగా ఉండడమేమిటే? గంట అబద్ధమాడుతుందా?"

"ఓవెనుకి గంట సంగతి తెలియదు కదండీ. మీ ఓవెను కూడా చల్లబడింది. మూడొందల యాభైకి తిప్పితే లోపల మూడొందల పాతిక దాటట్లేదు."

"విన్నావా రాయిస్? ఇప్పుడు ఓవెను మీద కూడా నేరం!"

రాయిస్ ఇద్దరి మొహాలూ చూశాడు. ఒకరిని ముప్పై ఒక్క ఏళ్లుగా తెలుసు, ఇంకొకరిని మూడు వారాలుగా. "శనివారం దాకా ఉండు నూరీన్. ఆ తరవాత వద్దు" అన్నాడు నేల చూస్తూ. నూరీన్ గిన్నెలు తోమడానికి వెళ్ళిపోయింది. ఆ రోజు కూనిరాగం వినపడలేదు.

గెలిచాక మనిషికి నిద్ర పట్టాలి కదా? ఆర్లిస్‌కి పట్టలేదు. అయితే అది జాలి కాదు, ఇంకో అనుమానం. ఆ పిల్ల తన కొత్త టైమరుని కూడా ఏదో చేసి ఉంటుంది! అదీ బయటపెడితే తిరుగుండదు.

శనివారం పొద్దున ఏడూ అయిదుకి మూడు కేకులు ఓవెనులో పెట్టింది. కోటు జేబులోంచి పాత టైమరు తీసి, చెవి ఊడిన చోట పట్టకారుతో పట్టుకుని అరవైకి తిప్పింది. కొత్తదాన్నీ అరవైకి తిప్పింది. రెండిటినీ పక్కపక్కన కూర్చోబెట్టి చేతులు కట్టుకుంది. మధ్యలో ఒకసారి లేచి రై రొట్టెల్ని కింది అరలోకి తోసింది, నిమిషాలు చూసుకోలేదు.

కొత్తది మోగింది. అలవాటు కొద్దీ ఒక కేకు తీసి బల్ల మీద పెట్టింది. పాతది ఇంకా టిక్కుటిక్కుమంటూనే ఉంది.

"అదిగో! ముందే మోగేలా చేసింది దొంగమొహంది" అంటూ గోడ గడియారం వైపు చూసింది. ఎనిమిదీ అయిదు. సరిగ్గా గంట. గడియారాన్నీ తిప్పిందేమో? కానీ ఇందాక రేడియోలో ఎనిమిది గంటల వార్తలు మొదలైనప్పుడు ముల్లు పన్నెండు మీదే ఉంది, తన కళ్ళతోనే చూసింది. పోనీ, రేడియో వాళ్ళు? ఛ, మిన్నెసోటా మొత్తం నూరీన్‌తో కుమ్మక్కవ్వదు కదా.

పాత టైమరు తాపీగా నడిచింది. ఎనిమిదీ పదహారుకి గణగణా మోగింది. ముప్పై ఒక్క ఏళ్లుగా విన్న మోతే.

ఆర్లిస్ మిగతా రెండు కేకులూ తీసింది. అంచులు పళ్ళెం వదిలి చక్కగా దగ్గరికి వచ్చాయి. మొదట తీసిన కేకు అప్పటికే నడుము కుంగింది. ఎవరూ దాన్ని పొడవలేదు. దగ్గర తాను తప్ప పురుగు కూడా లేదు. సొరుగులోంచి వెదురు పుల్ల తీసి గుచ్చింది. తడిపిండి అంటుకొచ్చింది. రెండోదానికి గుచ్చితే పుల్ల పొడిగా, ఒకటి రెండు మెత్తటి రేణువులతో వచ్చింది. వేలితో నొక్కితే కేకు వెంటనే పైకి లేచింది.

ఏళ్ల తరబడి ఓవెను కొంచెం కొంచెంగా చల్లబడుతూ వచ్చింది. టైమరూ కొంచెం కొంచెంగా నీరసించింది. రెండు తప్పులూ చెట్టపట్టాలేసుకుని రొట్టెల్ని నిలబెట్టాయి. తానేమో నిమిషాల ప్రకారం కాల్చేస్తున్నానని ఊరందరి ముందూ లేని మీసం తిప్పింది. సరైన టైమరు వచ్చేసరికి గుట్టు బయటపడింది.

చూసినవాళ్ళు ఎవరూ లేరు. పాతదాన్ని జేబులో వేసుకుని, ఓవెను మరమ్మతు అడిగితే సరిపోయేది. అది ఆవిడకి తట్టింది కూడా, దాచడమెందుకు? ఒక్క నిమిషం ఆ జేబు మీదే చెయ్యి ఉంది. అప్పుడు కిటికీలోంచి ఎర్ర స్వెట్టరు కనపడింది. నూరీన్ కారు డిక్కీలో తన అట్టపెట్టె పెడుతోంది.

ఆర్లిస్ కోటు కూడా లేకుండా మంచులోకి పరిగెత్తింది. దారిలో రాయిస్ ఎదురైతే "దొంగ నేనేరా! తరవాత చెప్తా" అని అరిచి ముందుకి పోయింది.

"నూరీన్, ఆగు. నాదే తప్పు. టైమరు పదకొండు నిమిషాలు వెనక నడిచింది. నువ్వు చెప్పినవన్నీ నిజమే. నన్ను క్షమించు తల్లీ." ఇంత పొడుగు క్షమాపణ ఆవిడ జన్మలో మొగుడికి కూడా చెప్పలేదు.

నూరీన్ పెట్టెని డిక్కీలోకి నెట్టింది. "దొంగన్నారు నన్ను. యజమాని ముందే."

"అన్నాను. ఇప్పుడు అందరి ముందూ నువ్వు దొంగవి కావని చెప్తాను. రా."

"రై రొట్టెలు ఓవెనులో ఉన్నాయా?"

"కింది అరలో. ఎంతసేపయిందో నాకు గుర్తు లేదు."

"అయితే ఇక్కడ నిలబడ్డారేమండీ!" అంటూ నూరీన్ డిక్కీ మూసి లోపలికి నడిచింది.

ఆర్లిస్ రాయిస్‌ని పిలిచి, కౌంటరు దగ్గరున్న పోస్టాఫీసు ఆవిడ వింటుండగానే అంతా చెప్పింది. రాయిస్ చెవులు ఎర్రబడ్డాయి. నూరీన్‌ని ఉండమని తానే అడిగి, ఓవెను బాగుచేసేవాడికి ఫోను చేయడానికి వెళ్ళాడు.

నూరీన్ ముల్లు థర్మామీటరు చేతికిచ్చింది. "అడుగునుంచి, నడుమదాకా. మీరే చూడండి."

ఆర్లిస్ దాన్ని తీసుకుని రొట్టె దగ్గరికి వెళ్ళలేదు. కళ్ళు చికిలించి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది నిజమే చెప్తుందని ఏమిటి నమ్మకం?"

నూరీన్ ఒక్కసారి పకపకా నవ్వింది. గ్లాసు నిండా ఐసు ముక్కలు వేసి, నీళ్ళు పోసి కలిపింది. "ముంచండి. ఐసు నీళ్ళకి ఫారన్‌హీటులో ముప్పై రెండు దగ్గర ఆగాలి."

ముల్లు ముంచారు. ముప్పై రెండు దగ్గర ఆగింది. ఆర్లిస్ అయినా ఇంకో నిమిషం చూసి, అది కదలదని రూఢి చేసుకుంది.

"గుడ్లు లెక్కపెడతారు, గడియారాన్ని అనుమానిస్తారు, నన్నూ అనుమానించారు" అంది నూరీన్. నవ్వు పోయింది ఆమె మొహంలోంచి. "ముప్పై ఒక్క ఏళ్లలో ఆ టైమరుని ఒక్కసారైనా ఇలా పరీక్షించలేదా?"

"లేదు" అంది ఆర్లిస్, మెడ తడుముకుంటూ. "అది నా మెడలోదేగా."