గుండె పటంలో పంది

మాణిక్యమ్మ సంచిలో బైబిలు కన్నా సామాను ఎక్కువ. లాంతరు చిమ్నీ, ఉప్పు పొట్లం, జల్లెడ, ఆవగింజలు పోసుకున్న అగ్గిపెట్టె. ప్రతి ఆదివారం పొద్దున్నే పటమటలో బందరు బస్సెక్కి, కాలవ వంతెన దగ్గర దిగి, గట్టు వెంట రెండు మైళ్ళు నడిచేది. తాటాకు ప్రార్థనశాలకు వచ్చేవాళ్ళంతా ఊరికి ఎడంగా ఉన్న పేటలో కూలీనాలీ చేసుకునేవాళ్ళు. అరవైమందిలో చదవగలిగేది నలుగురు. సంఘం తరపున పల్లెల్లో వాక్యం చెప్పడం ఆమె ఉద్యోగం. పేటలో అంతా బైబిలమ్మగారు అనేవారు.

పుస్తకం తెరిచి చదివితే జనం తల ఊపుతారనీ, గుమ్మం దాటగానే మరిచిపోతారనీ ఆమెకు మొదటి ఏడే తెలిసింది. అప్పుడే ఒక నియమం పెట్టుకుంది. వస్తువైనా బొమ్మైనా ముందు చూపించాలి. "ఏం కనపడతంది?" అని అడగాలి. వాళ్ళు చెప్పింది పూర్తిగా విన్నాకే వాక్యం చెప్పాలి. చివర్లో వాళ్ళలో ఒకరి చేత తిరిగి చెప్పించాలి. ఒకసారి ఎవరో ఇచ్చిన మిడత బొమ్మ చూపిస్తే, "ఇంత మిడతలు మన చేలో లేవమ్మగారూ" అని ఊరటపడ్డారు. కాగితమ్మీద అది గొర్రె అంత ఉంది మరి. అడక్కపోతే ఆ సంగతి తెలిసేదే కాదు.

కుంచం కింద దీపం పెట్టకూడదనే మాట చెప్పడానికి ఒకరోజు నిజంగానే దీపం వెలిగించి, ధాన్యం కొలిచే కుంచం బోర్లించింది. కాసేపటికి తీసి చూస్తే దీపం ఆరిపోయి ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"వాక్యంలో ఆరిపోద్దని లేదుగదండీ," అన్నాడు సంఘ పెద్ద జక్కరయ్య.

"గాలి అందక ఆరిందయ్యా. మీ వెలుగైనా అంతే, మూసిపెట్టుకుంటే మిగలదు," అందామె. ఆ మాట పేటలో చాలాకాలం నిలిచింది.

పిండిని పులిపించే పులిపిండి ఉపమానం దగ్గర ఆమె చిక్కుకుపోయింది. రొట్టె ఎరగని వాళ్ళకు రొట్టె పిండి గురించి ఏం చెబుతుంది? అప్పుడు వెనకాల గుంజకు ఆనుకుని కూర్చున్న వీరమ్మ నోరు తెరిచింది. వీరమ్మ పేట మనిషి కాదు. కాలవ అవతల గట్టున పందులు మేపుకునే నాలుగు గుడిసెల్లో ఒకటి ఆమెది. ఆరునెలలుగా వస్తోంది, ఎవరూ పిలవకుండానే.

"తరవాణి కుండలాంటిదా అమ్మగోరూ? పాత పులుపు అడుగున కూసింత ఉంటేనే గదా, పొద్దున పోసిన గంజి రేపటికి పులిసేది."

మాణిక్యమ్మ ఆ తర్వాతి వారం వీరమ్మ చేతే తరవాణి కుండ తెప్పించి, మధ్యలో పెట్టి, పాఠమంతా దానితోనే చెప్పింది. తన పదకొండేళ్ళ పనిలో అంతకన్నా మంచి పాఠం లేదనుకుంది. పాఠం బాగుందన్న సంబరంలో ఒక సంగతి ఆమె గమనించలేదు. ఆ కుండను ఎవరూ ముట్టుకోలేదు.

వీరమ్మ బాప్తిస్మం అడిగింది. పాస్టరుగారు మూడునెలలకోసారి వస్తారు. ఈసారి ఆగస్టు ఆఖరి ఆదివారం వస్తున్నారు. బాప్తిస్మం ఇచ్చి, అదే రోజు ప్రభువు సంస్కారంగా అందరికీ ఒకే గిన్నెలో ద్రాక్షరసం ఇస్తారు.

సరిగ్గా రెండు వారాల ముందు విజయవాడ సంఘం ఆఫీసు నుంచి కొత్త పటం వచ్చింది. నిగనిగలాడే కాగితం, మంచం అంత పెద్ద గుండె బొమ్మ. గుండె లోపల నెమలి, నక్క, పాము, పంది. కింద సూచనల కాగితం: నెమలి గర్వం, నక్క మోసం, పాము అసూయ, పంది తిండిపోతు బుద్ధి, వీటిని హృదయంలోంచి వెళ్ళగొడితేనే ప్రభువు లోపలికి వస్తాడు. పటం చూపించి కాగితం ఉన్నదున్నట్టు చదవమని ఆజ్ఞ.

ఆ ఆదివారం వాన. బస్సు ఆలస్యమైంది. నాట్లకు పోవాలని జనం తొందరపడుతున్నారు. మాణిక్యమ్మ పటం గుంజకు వేలాడదీసి కాగితం చదివేసింది. "ఏం కనపడతంది?" అని అడగలేదు. ఎవరి చేతా తిరిగి చెప్పించలేదు. నియమం పెట్టుకున్నాక అలా తప్పింది అదొక్కసారే.

ఆగస్టు ఆఖరి ఆదివారం వీరమ్మ తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, ముందు వరసలో కూర్చుంది. పక్కనున్న రత్తమ్మ తన చాప లాక్కుని జరిగింది. ఆ వెనక ఇద్దరు లేచారు. పాస్టరుగారు నీళ్ళ పళ్ళెం ముందుకు జరుపుకోగానే జక్కరయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఒక్క మనవండీ. ఆమె తాగిన గిన్నెలో మేం తాగలేమండీ."

"ఏంటయ్యా ఆ మాట?"

"నా మాట గాదండీ. పటంలో చూపించారు. పంది లోపలుంటే ప్రభువు రాడంట. బయటికి తోలెయ్యమని అమ్మగారే చదివారు."

మాణిక్యమ్మ ముందుకొచ్చింది. "జక్కరయ్యా, అది బుద్ధి గురించయ్యా. తిండిపోతు బుద్ధి. మనిషి గురించి కాదు."

"నెమలంటే గర్వమన్నారు. సరే, నెమళ్ళు మాలో ఎవరికున్నాయండీ? పందులు ఆమెకే ఉన్నాయి గదా. మేం చదువురానోళ్ళం, బొమ్మ ఎట్టుంటే అట్టా నమ్ముతాం."

ఆమె అతని మొహంలోకి చూసింది. దీపం ఆరిపోయిన రోజు వాక్యానికీ వస్తువుకీ తేడా పట్టుకున్నది ఈ మనిషే. ఊరి మంచినీళ్ళ బావి దగ్గర ఎంత దూరంలో నిలబడాలో చిన్నప్పటి నుంచీ తెలిసిన మనిషి. ఈవేళ అంత దూరం ఇంకొకరికి కొలిచి చూపిస్తున్నాడు. కొలబద్ద మాత్రం మాణిక్యమ్మ తెచ్చి ఇచ్చిందే.

పాస్టరుగారు జనం వైపు చూశారు, గడియారం చూసుకున్నారు. ఇంకో రెండు ఊళ్ళు ఉన్నాయాయనకి.

"చూడమ్మా వీరమ్మా, సంఘంలో సమాధానం ముఖ్యం, గొడవలు వద్దు. ఆ పందుల్ని అమ్మేసి, వచ్చేసారికి రా. అప్పుడు చూద్దాం."

"అమ్మేత్తే ఏం తినాలయ్యా?" అంది వీరమ్మ. అడిగినట్టు లేదు, తనకు తను చెప్పుకున్నట్టుంది. లేచి కొంగు దులుపుకుంది. మాణిక్యమ్మ దగ్గర ఆగి, "పులుపు పాఠం బాగా చెప్పారమ్మగోరూ, ఈ బొమ్మ పాఠమే..." అని ఆపేసి, గట్టెక్కి వెళ్ళిపోయింది.

మాణిక్యమ్మ వెంట వెళ్ళలేదు. వెళ్ళాలనుకుంది. గిన్నె పంచుతున్నారు, పాట ఎత్తుకోవాల్సింది ఆమే.

ఆ వారమంతా మాణిక్యమ్మ రోజూ పటం విప్పి చూసింది. పటం ఆఫీసుకు తిప్పి పంపుదామా అంటే, ఎందుకని అడుగుతారు. చివరికి శనివారం కత్తెర తీసి, పంది బొమ్మ చుట్టూ జాగ్రత్తగా కత్తిరించి పొయ్యిలో వేసింది. నెమలి, నక్క, పాము మిగిలాయి. పంది ఉన్నచోట జానెడు చిల్లు.

ఆదివారం పటం వేలాడదీసింది. వెనక గుంజ దగ్గర వీరమ్మ చోటు ఖాళీగా ఉంది. ఈసారి సూచనల కాగితం తీయలేదు. ముందు అడిగింది.

"ఏం కనపడతంది?"

ముందు వరసలోంచి రత్తమ్మ పటం దగ్గరికొచ్చి, ఆ చిల్లులో చెయ్యి పెట్టి చూసింది. మొహం విప్పారింది.

"పంది పోయిందమ్మగారూ. మనం తోలేశాం గదా, అదే బొమ్మలో చూపించారు. ఇప్పుడు బాగా అర్థమయింది."

జనమంతా ఆమేన్ అన్నారు.