బావ అంగట్లో వంపు ఫోను

ఇరవై ఎనిమిది వేలు చెప్పిన వంపు అంచుల ఫోనును ఇరవై రెండు వేలకు దించి కొన్న మొనగాణ్ణి నేను. పక్కనే పద్దెనిమిది వేలకు చదును స్క్రీను ఫోను ఉన్నా దానివైపు చూడలేదు. అమ్మినవాడు అనంతపురంలో అంగడి పెట్టుకున్న మా అక్క మొగుడు.

ధర్మవరంలో నాది పట్టుచీరల బేరం. ఎండలో ఫొటో చూపిస్తే అంచుల వెంట తెల్లటి మెరుపు గీతలు పడి జరీ రంగే తెలిసేది కాదు. ఒకనాడు ఓ పెద్ద కొనుగోలుదారుతో చేసిన చాట్ ఫోన్లో తెరిచిపెట్టుకుని, "ఈయప్ప ఎంత చెప్పినా ఇస్తాడు" అని నేతగాడితో గొప్పలు పోతుంటే, నా అరచేయి అంచుకు తగిలి ఆయనకే కాల్ పోయింది. అంతా విన్నాడు. బేరం పోయింది.

కసి పట్టలేక, జనం నిండుగా ఉన్నప్పుడు బావ అంగట్లోకి పోయాను.

"ఈ వంపు ఫోన్లు కొనొద్దండప్పా! పట్టుకుంటే సాలు, దానంతట అదే కాల్ చేస్తాది" అని ఫోను ఊపి చూపించాను.

ఇద్దరు తమ చేతిలోని వంపు ఫోన్లు కింద పెట్టేశారు. ఆ సంబరంలో ఇంకా గట్టిగా ఊపితే ఫోను కౌంటరు మూలకు కొట్టుకుని, పైన అంటించిన రక్షణ గాజు అందని వంపు దగ్గరే స్క్రీను పగిలింది.

బావ తీరిగ్గా చూసినాడు. "ఏమప్పా బామ్మర్దీ, ఇంగా ఊపుతావా? డిస్‌ప్లే మొత్తం మార్చల్ల, పన్నెండు వేలు. చదునుదైతే అయిదు వేలతో పోయుండేది."

నేను బెదరగొట్టిన ఇద్దరూ అక్కడే చదును ఫోన్లు కొన్నారు. నాకు మాత్రం ఫోనుకు ఇరవై రెండు, డిస్‌ప్లేకు పన్నెండు, వెరసి ముప్పై నాలుగు వేలు. బతిమాలితే రెండు వందలు తగ్గించాడు.