డ్రైవర్ చెప్పిందీ, నేను చెప్పిందీ

మా బావగారికి ఏ బాధ వచ్చినా కారణం ఒక్కటే: వేడి చేసింది. కళ్లు మండినా, కాళ్లు లాగినా, నిద్ర పట్టకపోయినా వేడే. మందు కూడా ఒక్కటే, గ్లాసుడు మజ్జిగ. ఆకివీడు పక్క పల్లెలో చేపల చెరువుల మధ్య ఎండలో తిరిగే మనిషి కాబట్టి నూటికి తొంభైసార్లు ఆ వైద్యమే పనిచేసేది. మిగతా పదిసార్లు మా అక్క చెప్పకుండా మాత్ర వేసేది. లద్దాఖ్‌లో దిగిన మొదటి రోజు, జూన్ నెలలో కూడా స్వెట్టర్ మీద శాలువా కప్పుకుని, నుదురు పట్టుకుని ఆయన అదే మాట అన్నారు.

"వేడి చేసిందమ్మా. మజ్జిగ దొరుకుతుందేమో అడుగు."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. బయట కొండల మీద మంచు కనిపిస్తోంది. ఈయనకేమో వేడి చేసింది!

ఆ ప్రయాణంలో వెళ్లింది మేం ముగ్గురమే. అక్క, బావగారు, నేను. మా ఆయన సెలవు దొరకదని ఉండిపోయారు. నన్ను తీసుకెళ్లడానికి బావగారు చెప్పిన కారణం మాత్రం నా మీద ప్రేమ కాదు. నేను హైస్కూల్లో హిందీ టీచర్ని. "మాకు హిందీ రాదు, ఈ పంతులమ్మ హిందీ ఇన్నాళ్లకి మనకి పనికొస్తోంది" అని ఊరంతా చెప్పుకొచ్చారు. మేం చూడబోయే నీలం సరస్సు ఫొటో ఆయన ఫోన్‌లో ఎన్నేళ్ల నుంచి ఉందో నాకు గుర్తులేదు. ఫోన్లు మారాయి గానీ ఫొటో మారలేదు.

లేహ్‌లో విమానం దిగగానే మా కోసం ఒక డ్రైవర్ నిలబడి ఉన్నాడు. ఆ ఊరివాడే, ముప్పై అయిదేళ్లుంటాయి. సామాను సర్దుతూనే హిందీలో గడగడా చెప్పేశాడు. "మేడమ్, మీరు పొద్దున్న సముద్ర మట్టానికి దగ్గర్లో ఉన్నారు, ఇప్పుడు మూడున్నర వేల మీటర్ల ఎత్తులో ఉన్నారు. రెండు రోజులు గదిలో పడుకోండి. మెట్లెక్కొద్దు, స్నానాలకి తొందరపడొద్దు, నీళ్లు తాగండి, మద్యం ముట్టొద్దు. తలనొప్పి వస్తే చెప్పండి. తలనొప్పి ఉండగా ఇంకా పైకి మాత్రం వెళ్లొద్దు."

బావగారు నా వైపు చూశారు. "ఏంటమ్మా అంటున్నాడు?"

"నెమ్మదిగా ఉండమంటున్నాడండి. నీళ్లు బాగా తాగమన్నాడు."

అబద్ధం కాదు. నిజమూ కాదు. ముప్పై మంది పిల్లల ముందు పెద్ద పాఠాన్ని రెండు ముక్కల్లో తేల్చేయడం నాకు అలవాటే. అసలు సంగతి అది కూడా కాదు. ఆ సరస్సు నాకూ చూడాలనుంది. మా కార్యక్రమంలో మొత్తం ఆరు రోజులున్నాయి. రెండు రోజులు గదిలో దుప్పటి కప్పుకుని పడుకోవడానికా ఇంత దూరం వచ్చామని లోపల గొణుక్కున్నాను.

నాకూ ఆ సాయంత్రం తల బరువెక్కింది. కణతల దగ్గర ఎవరో నొక్కుతున్నట్టు, వంగితే ఇంకాస్త. నేను మంచం దిగలేదు, మర్నాడు మధ్యాహ్నానికి తగ్గింది. మోకాళ్ల నొప్పుల వల్ల పది అడుగులకోసారి ఆగి ఊపిరి పీల్చుకునే అక్కకి అసలు ఏమీ రాలేదు. బావగారు మాత్రం రెండో రోజు పొద్దున్నే లేచి, ఊరి పక్క కొండ మీదున్న తెల్లటి స్తూపం మెట్లన్నీ పందెం కట్టినట్టు ఎక్కేశారు. రోజుకి ఆరేడు కిలోమీటర్లు చెరువు గట్ల మీద నడిచే మనిషిని, నాకేంటి అన్నారు. కిందికి దిగాక టిఫిన్ కక్కుకున్నారు.

"పొద్దున్నే గొంతులో కాఫీ పడలేదు. ఇక్కడివాళ్లు టీయే ఇస్తారు. అందుకే ఈ తల" అన్నారు. వేడి నుంచి కాఫీకి వచ్చారు కదా, కాస్త మెరుగేననుకున్నాను.

మూడో రోజు పొద్దున్న బయల్దేరేముందు డ్రైవర్ సూటిగా అడిగాడు. "అంకుల్‌గారి తలనొప్పి పోయిందా?"

నేను బావగారిని అడిగాను. "ఉందమ్మా. మాత్ర వేసినా తగ్గట్లేదు. రాత్రంతా నిద్ర లేదు. అయినా పర్లేదు, బయటికెళ్తే అదే పోద్ది."

"కొంచెం ఉందట, పర్లేదట" అని డ్రైవర్‌కి చెప్పాను.

అతను ఆయన మొహం కేసి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇంకో రోజు ఆగండి మేడమ్. దారిలో అయిదు వేల మీటర్లు దాటిన కనుమ ఎక్కాలి. సరస్సు ఎక్కడికీ పారిపోదు."

బావగారు అడగకముందే నేనే అనువాదం చేసేశాను. "సరస్సు ఎక్కడికీ పారిపోదు, తాపీగా వెళ్దామంటున్నాడండి." డ్రైవర్‌తోనేమో, ఆయన వెళ్దామనే అంటున్నారని చెప్పాను. ఇద్దరి మాటలూ నా చేతిలోనే ఉన్నాయి. ఇద్దరికీ సగం సగమే అందించాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

దారి మొదట్లో అంతా సంబరమే. అక్క తెచ్చిన జంతికలు డ్రైవర్‌కి తెగ నచ్చాయి. బండి వంపుల మీద వంపులు తిరుగుతూ ఎక్కుతోంది. బావగారు ముందు సీట్లో కళ్లు మూసుకుని ఉన్నారు. కనుమ ఇంకా పది పన్నెండు కిలోమీటర్లుందనగా టీ కొట్టు దగ్గర ఆగాం. ఆయన కళ్లు తెరిచి, కొండల కేసి చూసి, చాలా మామూలుగా అడిగారు.

"ఏరియేటర్లు వేశారా? కరెంట్ ఉందా?"

నేను పకపకా నవ్వాను. తెల్లారుజామున చెరువు నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు నీళ్లని చిలకడానికి ఏరియేటర్లు తిప్పుతారు. ఊపిరాడని కొండ మీద ఆ మాట అనడం కంటే గొప్ప జోకు ఏముంటుంది? ఆయన జోకులేసే మనిషే.

డ్రైవర్ కూడా నవ్వుతూ, "ఏమన్నారు?" అన్నాడు. ఈ జోకుని కుదించడానికి మనసొప్పలేదు. ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. ఏరియేటరంటే ఏంటో, ఆయన చెరువులు ఎక్కడున్నాయో అన్నీ.

అతని నవ్వు ఆగిపోయింది. "ఇప్పుడు ఎక్కడున్నారో ఆయన్ని అడగండి."

అడిగాను. బావగారు నా కేసి విసుగ్గా చూశారు. "ఎక్కడుంటాం, గట్టు మీద."

అక్క టీ గ్లాసు కింద పెట్టేసింది. డ్రైవర్ ఆయన్ని చెయ్యి పట్టి కిందికి దింపి, బూటుతో దుమ్ములో ఒక గీత గీశాడు. ఒక కాలి వేళ్లకి రెండో కాలి మడమ ఆనేట్టు పెడుతూ దాని మీద నడవమన్నాడు. నేను ముందు నడిచి చూపించాను. బావగారు ఒక అడుగు వేశారు, రెండో అడుగుకి ఊగారు, మూడో అడుగుకి పక్కకి ఒరిగిపోతుంటే డ్రైవర్ పట్టుకున్నాడు. అడుగు వెడల్పు గట్టు మీద మేత బస్తా భుజాన వేసుకుని నడిచే మనిషి!

"ఇది మామూలు తలనొప్పి కాదు, మెదడుకి వాపు వస్తోంది" అన్నాడు డ్రైవర్. "కిందికి దిగాలి. ఇప్పుడే."

"సరస్సు..." అన్నారు బావగారు ముద్దముద్దగా.

పాతికేళ్ల కాపురంలో ఆయన మాటకి ఎదురు చెప్పగా నేనెప్పుడూ చూడని మా అక్క, అప్పుడు నోరు తెరిచింది. "సరస్సు లేదు ఏమీ లేదు. బండి తిప్పమనవే!"

ఆ మాట అనువదించక్కర్లేకుండానే డ్రైవర్‌కి అర్థమైంది. బండిలో ఉన్న ఆక్సిజన్ సిలిండర్ తీసి బావగారి ముక్కుకి మాస్క్ పెట్టాడు. ఆక్సిజన్ పెట్టాం కదా, కాసేపు ఆగి చూద్దామా అని నేను అడిగితే, "ఇది దిగడానికి తోడు మేడమ్, దిగకుండా ఉండటానికి కాదు" అన్నాడు. దిగుతున్నంతసేపూ అక్క ఆయన్ని నిద్రపోనివ్వలేదు. ఒక్కో చెరువు పేరూ, అందులో ఏ చేప వేశారో అడుగుతూనే ఉంది. ఆయన శీలావతికీ బొచ్చెకీ మధ్య తడబడినప్పుడల్లా నేను కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

లేహ్ ఆసుపత్రిలో ఇంజెక్షన్ చేశారు, ఆక్సిజన్ మీద ఉంచారు. డాక్టరమ్మ నాకు విడమరిచి చెప్పింది. పైన గాలిలో ఆక్సిజన్ శాతం మారదు, గాలే పలచబడుతుంది. అందుకని ఒక్కో ఊపిరికీ అందేది తగ్గిపోతుంది. ఒళ్లు దానికి అలవాటు పడటానికి రోజులు కావాలి, కండబలంతో దానికి పనిలేదు. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ఎత్తు రోజుకి అయిదు వందల మీటర్లకి మించి పెంచుకోకూడదు, మధ్యలో ఆగే రోజు ఉండాలి. మాత్రకి లొంగని తలనొప్పి, వాంతులు, తూలడం, పొంతన లేని మాటలు వస్తే ఆగకుండా దిగాలి. కూర్చున్నా ఆయాసం, దగ్గులో గులాబీ రంగు నురగ వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు, అప్పుడూ అంతే.

మర్నాడు మధ్యాహ్నానికి బావగారు బావగారయ్యారు. అక్క మీద విసుక్కోవడంతో ఆ సంగతి తెలిసింది. డాక్టరమ్మ మాటలన్నీ ఈసారి పొల్లుపోకుండా ఆయనకి చెప్పాను.

"అంటే తెల్లారుజాము చెరువులో చేపలాగా అయ్యానన్నమాట" అన్నారు. అక్క వలిచిచ్చిన నారింజ తొన నోట్లో వేసుకుని, "మరి ఆ డ్రైవరబ్బాయి ఇవేవీ ముందు చెప్పలేదేంటమ్మా?" అన్నారు.

మాట దాటేయొచ్చు. ఆ గదిలో హిందీ వచ్చిన తెలుగుదాన్ని నేనొక్కదాన్నే. కానీ చెప్పేశాను. మొదటి రోజు అతనన్నదీ నేనన్నదీ, మూడో రోజు అతనన్నదీ నేనన్నదీ, పక్కపక్కన పెట్టి అప్పజెప్పాను. అక్క తల దించుకుని నారింజ తొనలు వలుస్తూనే ఉంది.

"నువ్వు సరిగ్గా చెప్పినా నేను వినేవాణ్ణి కాదులే" అన్నారు బావగారు.

"అప్పుడది మీ తప్పయ్యేది. ఇది నాది."

ఆయన కాదనలేదు. అందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

సాయంత్రం డ్రైవర్ చూడటానికి వచ్చాడు. బావగారు అతని రెండు చేతులూ పట్టుకున్నారు. "చెప్పమ్మా. నీ మాట సగం మా మరదలే మింగేసిందని చెప్పు. మిగతా సగం నేను వినలేదని కూడా చెప్పు."

చెప్పాను. డ్రైవర్ చాలాసేపు మాట్లాడాడు, మెల్లగా, కిందికి చూస్తూ.

"ఏమంటున్నాడు?" అన్నారు బావగారు.

అక్క తొనలు వలవడం ఆపి తలెత్తింది. ఆమె ముందు ఆ మాటలు చెప్పలేననిపించింది. అందులో ఒక వాక్యం తీసేస్తే చాలు, అందరం నవ్వుతూ ఆ రోజు గడిపేసేవాళ్లం.

"కిందటేడు ఒకాయన ఇలాగే పర్లేదంటే నమ్మి పైకి తీసుకెళ్లాడట" అన్నాను. "వెనక్కి దింపేసరికి ఆలస్యమైపోయిందట. ఆయన భార్యకి ఫోన్ చేసి చెప్పింది ఇతనేనట. నిన్న మీకు మాస్క్ పెట్టినప్పుడు, ఈసారి ఆ ఫోన్ చెయ్యక్కర్లేకుండా చూడమని దేవుణ్ణి అడిగాడట."